డాక్టర్ సలహా: కాలిన ఇంట్లో మిగిలిన మందులు వాడుకోవచ్చా?

ప్రశ్న: నాలుగు రోజుల క్రితం మా వంటగదిలో నిప్పు అంటుకుంది. అగ్నిమాపక సిబ్బంది వచ్చి ఆర్పారు. అంతకు ముందే నేను పొగలోకి వెళ్లి గ్యాస్ కట్టేసి వచ్చాను. ఇప్పుడు ఇల్లు శుభ్రం చేసుకుంటున్నాం. ఫ్రిజ్ కాలలేదు గానీ కరెంటు ఇంకా రాలేదు. అందులోని ఆహారం, నాన్నగారి ఇన్సులిన్, పక్క అల్మారాలోని మాత్రలు వాడుకోవచ్చా? ఇన్సులిన్ చూడటానికి బాగానే ఉంది. మసి తుడుస్తుంటే నాకు దగ్గు వస్తోంది, గొంతు బొంగురుపోయింది. ఇంట్లో మిగిలిన యాంటీబయోటిక్ వేసుకుంటున్నాను. ఆక్సీమీటర్ 98 చూపిస్తోంది కాబట్టి భయం లేదనుకుంటున్నాను.

జవాబు: ఫ్రిజ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు ఈ రోజే డాక్టరుకు చూపించుకోండి. పొగలోకి వెళ్లి వచ్చిన మనిషికి నాలుగు రోజుల తర్వాత కూడా గొంతు బొంగురుగా ఉంటే దాన్ని జలుబు లెక్కన వదిలేయకూడదు. వేడి గాలి, కాలిన ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి స్వరపేటికను, శ్వాసనాళాన్ని కాలుస్తాయి. ఆ వాపు చాలామందిలో మొదటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది. మీకు ఇంకా తగ్గలేదంటే రెండు కారణాలు ఉండొచ్చు. అప్పటి గాయం మానకపోయి ఉండాలి, లేదా రోజూ మసిలో పని చేస్తూ దాన్ని మళ్లీ రేపుతూ ఉండాలి. చూడకుండా ఏది అని నేను చెప్పలేను. ఊపిరి పీల్చేటప్పుడు ఈల లాంటి శబ్దం వచ్చినా, మింగడం కష్టమైనా, కళ్లెలో నల్లటి మసి పడుతున్నా, ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.

98ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. అగ్నిప్రమాదం జరిగిన రోజైతే ఆ అంకె మిమ్మల్ని పూర్తిగా మోసం చేసి ఉండేది. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట కార్బన్ మోనాక్సైడ్ చేరినా ఇళ్లలో వాడే ఆక్సీమీటర్ ఆ తేడా పట్టలేదు. విషవాయువు ఎక్కిన మనిషికీ 98 చూపిస్తుంది. అందుకే పొగ పీల్చినవారికి ఆసుపత్రిలో విడిగా రక్తపరీక్ష చేస్తాం. నాలుగు రోజులయింది కాబట్టి ఆ వాయువు మీ ఒంట్లోంచి ఈపాటికి వెళ్లిపోయి ఉంటుంది. కానీ గొంతులో వాపు ఎంత ఉందో కూడా ఆ పరికరం చెప్పలేదు. దారి బాగా ఇరుకైపోయాకే ఆ అంకె పడిపోతుంది.

ఇక ఆ యాంటీబయోటిక్ ఆపండి. వేరే జబ్బుకు రాసినదో, మీకు ఇదివరకే ఇన్ఫెక్షన్ ఉండి డాక్టరు ఇచ్చినదో మీరు రాయలేదు. ఆ వివరం మీ డాక్టరుకు చెప్పండి. పొగ వల్ల కలిగింది రసాయనాల గాయం. అక్కడ సూక్ష్మక్రిములు లేనప్పుడు యాంటీబయోటిక్ చేసే పని ఏమీ లేదు. పైగా ఆ మాత్ర ఎక్కడిది? కాలిన వంటగది పక్క అల్మారాలోదే కదా. వాడుకోవచ్చా అని అడుగుతూనే అందులోంచి తీసి మింగుతున్నారు. సొంత వైద్యం వద్దని నేను ప్రతివారం ఇక్కడ రాయడం చాదస్తంగా అనిపించవచ్చు. కానీ గొంతు వాపు ముదిరాక వచ్చేవారిలో ఎక్కువమంది ఇలా నాలుగు రోజులు ఇంట్లో ఉన్నదేదో వేసుకుని వచ్చినవారే.

ఇప్పుడు నాన్నగారి ఇన్సులిన్. కరెంటు పోవడం ఒక్కటే జరిగి ఉంటే దాన్ని పారేయమనేవాణ్ణి కాదు. చాలా రకాల ఇన్సులిన్లు 30 డిగ్రీలు దాటని చోట సుమారు 28 రోజులు పనిచేస్తాయి. మీ దగ్గర సమస్య నిప్పు. మంటలున్న కాసేపు ఆ గదిలో, ఆ ఫ్రిజ్ లోపల ఎంత వేడి పుట్టిందో ఎవరికీ తెలియదు. ఇన్సులిన్ ఒక ప్రొటీన్, వేడికి దాని రూపు చెదిరిపోతుంది. కొన్నిసార్లు సీసాలో మబ్బుగానో, పలుకులుగానో కనిపిస్తుంది. చాలాసార్లు నీళ్లలా తేటగానే ఉండి, బలం మాత్రం తగ్గిపోతుంది. కాబట్టి చూడటానికి బాగుందన్న మాటకు ఇక్కడ విలువ లేదు. కొత్తది తెచ్చుకోండి.

అయితే ‘పాడైంది’ అని ఈ పూట పారేసి, రేపు కొత్తది వచ్చేదాకా ఇంజెక్షన్ మానేయడం అంతకన్నా ప్రమాదం. ముఖ్యంగా చిన్నతనం నుంచి ఇన్సులిన్ మీదే ఆధారపడినవారికి ఒక్క రోజు తప్పినా ప్రాణం మీదికి వస్తుంది. కొత్తది చేతికి అందేవరకు, రంగు మారని, పలుకులు లేని పాతదాన్నే, మీ డాక్టరుకు ఫోన్ చేసి చెప్పి, చక్కెర తరచుగా చూసుకుంటూ వాడాలి. చక్కెర ఎక్కువగా కనిపిస్తోందని మోతాదు మాత్రం మీరే పెంచకండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో ఒక రోగి సంగతి చెబితే అర్థమవుతుంది. వాళ్ల ఇంట్లోనూ వంటగదే కాలింది. ఉదయం 20 యూనిట్లు తీసుకునే పెద్దాయన. ప్రమాదం తర్వాత అదే సీసా వాడారు. చక్కెర 300 దాటింది. ఇంటి గొడవ వల్ల వచ్చిన ఆందోళనేనని అనుకుని రెండు రోజులకోసారి కొంచెం కొంచెం పెంచుతూ 28కి తీసుకెళ్లారు. వారానికి ఆ సీసా అయిపోయింది. కొత్తది తెచ్చారు, అదే 28 ఎక్కించారు. కొత్త సీసాలో బలం పూర్తిగా ఉంది. మధ్యాహ్నానికి చొక్కా తడిసేలా చెమటలు, మాట తడబాటు. నా దగ్గరికి తెచ్చేసరికి చక్కెర 46. గ్లూకోజ్ ఎక్కించాక లేచి కూర్చున్నారు. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేను. నాన్నగారికి ఈ నాలుగు రోజుల్లో మోతాదు పెంచి ఉంటే, కొత్త సీసా మొదలుపెట్టేముందే ఆ విషయం డాక్టరుకు చెప్పండి. చక్కెర చూసే పట్టీలను కూడా మార్చండి. వేడి, తేమ తగిలితే అవి తప్పుడు అంకెలు చూపిస్తాయి. తప్పుడు అంకెను నమ్మి ఇన్సులిన్ వేయడం కన్నా పరీక్ష లేకపోవడమే కొంత నయం.

అల్మారాలోని మాత్రల విషయంలో సందేహం పెట్టుకోకండి. మంటల వేడి తగిలినవీ, ఆర్పిన నీళ్లలో తడిసినవీ, పొగ వాసన పట్టినవీ అన్నీ మార్చండి. రేకు పట్టీలో ఉన్న మాత్ర బయటికి చెక్కుచెదరకుండా కనిపిస్తుంది గానీ వేడి ఆ రేకు దాటి లోపలికి వెళుతుంది. థైరాయిడ్ మాత్రలు, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రలు వేడికి త్వరగా బలహీనపడతాయి. ఆస్తమా ఇన్హేలర్ల డబ్బాలు వేడికి పేలే ప్రమాదం ఉంది. వాటిని చెత్త తగలబెట్టే చోట వేయకండి. పారేసేముందు ప్రతి పట్టీ పేరు, మోతాదు కనిపించేలా ఫోటో తీసుకోండి. లేకపోతే మందుల దుకాణంలో ‘తెల్ల మాత్ర, బీపీది’ అని చెప్పాల్సి వస్తుంది. ప్రమాదం జరిగిన గదికి దూరంగా, తలుపు మూసి ఉన్న గదిలో పొడిగా, వాసన లేకుండా ఉన్న మందుల గురించి మీ డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి నిర్ణయించుకోవచ్చు.

ఆహారానికి వస్తే, తెల్లటి గుడ్డ ఒకటి తీసుకుని ఫ్రిజ్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతల్లో తుడిచి చూడండి. నల్లటి గీత వస్తే పొగ అక్కడిదాకా వచ్చినట్టు. ఆ రబ్బరు చల్లదనాన్ని ఆపుతుంది గానీ పొగను పూర్తిగా ఆపలేదు. అసలు మీకు ఆ పరీక్ష కూడా అక్కర్లేదు. కరెంటు లేకుండా, తలుపు తీయకపోయినా ఫ్రిజ్‌లో ఆహారం 4 గంటలకు మించి క్షేమంగా ఉండదు. మీకు నాలుగు రోజులు. మొత్తం పారేయండి. వంటగదిలో కాగితం, అట్ట, ప్లాస్టిక్ సంచుల్లో ఉన్న ధాన్యం, పిండి, మరమూత సీసాల్లో ఉన్నవి కూడా పారేయాల్సిందే. మూత సందుల్లోంచి పొగ, రసాయనాలు లోపలికి చేరతాయి, మరిగిస్తే పోవు. కారఖానాలో సీలు వేసిన రేకు డబ్బాలు మంటలకు దూరంగా ఉండి, ఉబ్బకుండా, సొట్టపడకుండా ఉంటే బయట శుభ్రంగా కడిగి వాడుకోవచ్చు. దగ్గరగా ఉండి వేడెక్కినవైతే వద్దు. బాగుందో లేదో రుచి చూసి తెలుసుకుందామని మాత్రం ప్రయత్నించకండి.

మసి తుడవడం మీరు ఆపి ఇంకొకరికి అప్పగించండి. నాన్నగారిని పని అయ్యేదాకా వేరే చోట ఉంచండి. చీపురుతో పొడిగా ఊడిస్తే కిందపడ్డ సన్నటి మసి మళ్లీ గాలిలోకి లేచి ఊపిరితిత్తుల లోపలిదాకా వెళుతుంది. తుడిచేవారికి ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, పొడుగు చేతుల బట్టలు ఉండాలి. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు ఆ సన్నటి మసిని ఆపదు. పొగగొట్టాలు శుభ్రం చేసేవారికి చర్మ క్యాన్సర్ రావడానికి మసే కారణమని పెర్సివాల్ పాట్ అనే సర్జన్ 1775లోనే రాశాడు. ఒకటి రెండు రోజుల పనికి అంత భయం అక్కర్లేదు గానీ, పని కాగానే స్నానం చేయాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి. వాసన పోవాలని బ్లీచింగ్‌ను యాసిడ్‌తో గానీ అమ్మోనియా ఉన్న ద్రావణాలతో గానీ కలపకండి, విషవాయువు పుడుతుంది.

ఆర్పిన నీళ్లకు తడిసిన పరుపులు, దిండ్లు ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. మీవి నాలుగు రోజులుగా తడిగా ఉన్నాయంటే బయట పెట్టేయండి. ఎండబెట్టి దాచుకోకండి.

గోడలు, కప్పు గట్టిగా ఉన్నాయా అన్నది చెప్పాల్సింది ఇంజినీరు, నేను కాదు. కానీ కాలిన కప్పు పెచ్చు ఊడి తలమీద పడి కుట్లు వేయించుకోవడానికి వచ్చినవారిని చూశాను. మంటలపైన ఉన్న కప్పులో పగుళ్లు గానీ, వంపు గానీ, తట్టితే డొల్ల శబ్దం గానీ ఉంటే ఆ గదిలోకి వెళ్లకండి. తడిసిన వైరింగును ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయకండి. శిథిలాల్లో మేకు గుచ్చుకుంటే, చివరి టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని ఐదేళ్లు దాటినవారు ఇంకొకటి వేయించుకోవాలి.

ఈ రోజు మీరు డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు నాన్నగారినీ వెంట తీసుకెళ్లండి. ఆయన చక్కెరను ఇంటి మీటరులో కాకుండా ల్యాబులో చూపించండి. కొత్త ఇన్సులిన్ మోతాదు ఆ అంకె చూశాకే రాయించుకోండి.