ప్యాచ్ తర్వాత క్రాష్: తప్పు ఏ మాడ్‌ది?

ప్రశ్న: స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ అప్‌డేట్ అయ్యాక గేమ్ క్రాష్ అవుతోంది. 96 మాడ్స్ ఉన్నాయి, ఒక్కోటీ తీసి చూడాలా?

అక్కర్లేదు, ఏడు టెస్టులు చాలు. ముందు చాలా మాడ్స్‌కి ఆధారమైన స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ SKSE కొత్త గేమ్ వెర్షన్‌కి సరిపోయేదేనా చూడండి. చాలాసార్లు గొడవ అక్కడే తేలిపోతుంది.

అది సరిగ్గానే ఉంటే మాడ్ ఆర్గనైజర్ 2లో ప్రొఫైల్ కాపీ చేసి, ఎడమ వైపు జాబితాలో సగం, అంటే 48 మాడ్స్ ఆపండి. కుడి వైపు ప్లగిన్ల జాబితాతో పని పెట్టుకోకండి, డీఎల్‌ఎల్ మాత్రమే ఉన్న మాడ్స్ అందులో కనిపించవు. ప్యాచ్ వస్తే మొదట పాడయ్యేవి అవే! ఇప్పటికీ క్రాష్ అయితే దోషి ఆన్‌లో ఉన్న సగంలో ఉంది, కాకపోతే ఆపిన సగంలో. ఆ 48ని 24, 12, 6, 3 ఇలా కోస్తూ పోండి. వరుస మాత్రం మార్చకండి.

ఒక మాడ్ ఆపితే దాని మీద ఆధారపడ్డవి కూడా ఆపాలి. లేదంటే మాస్టర్ ఫైల్ దొరక్క గేమ్ మొదట్లోనే పడిపోతుంది, మీరు తప్పు సగాన్ని అనుమానిస్తారు.

పాత సేవ్‌తో టెస్ట్ చేయొద్దు. క్రాష్ మెనూ దాటాక వస్తుంటే, మెయిన్ మెనూలో కన్సోల్ తెరిచి, సేవ్ లేకుండా నేరుగా వైట్‌రన్‌కి వెళ్లడానికి ఇది కొట్టండి:

```
coc whiterunorigin
```

రెండు సగాలూ విడివిడిగా బాగా నడిచి, కలిపితేనే క్రాష్ అయితే అది రెండు మాడ్స్ మధ్య తగాదా. అప్పుడు ఒక సగాన్ని పూర్తిగా ఆన్‌లో ఉంచి, రెండోదాన్నే కోస్తూ వెళ్లండి. ఒకటి దొరికాక దాన్ని ఆన్‌లోనే ఉంచి, మొదటి సగంలో దాని జతగాణ్ణి వెతకండి.