నెలసరి రాలేదని పరుగు మానేసిన చిట్టికి

చిట్టీ,

ఎస్సై ఈవెంట్స్ కోసం తెల్లారకముందే గ్రౌండ్‌కి వెళ్తున్నావని మీ అమ్మ చెబితే ఎంత గర్వంగా అనిపించిందో! అదే ఫోన్‌లో, రెండు నెలలుగా నీకు నెలసరి రాలేదనీ, మీ అత్తగారు పరుగు మాన్పించి స్వీట్లు పంచడానికి సిద్ధమవుతున్నారనీ విన్నాను. ఇక మనసు కుదురుగా లేదు.

ముందు టెస్ట్ సంగతి. డేట్ దాటిన మూడో రోజున ఒకసారి చేశావట, నెగటివ్ వచ్చిందట. అంత తొందరగా చేస్తే ఒక్కోసారి తేలదు. ఇప్పుడు పొద్దున్నే మొదటి మూత్రంతో మళ్ళీ చెయ్యి. ఆశా కార్యకర్త దగ్గర కిట్ ఉచితంగానే దొరుకుతుంది. ఇది కూడా నెగటివ్ అయితే వారం ఆగి ఇంకోసారి చూడు. అప్పుడూ ఒకే గీత వస్తే, కారణం వేరే చోట వెతకాలి.

నేనింత గట్టిగా చెప్పడానికి మా చిన్న ఆడపడుచు కారణం. పెళ్ళయిన ఏడాదిలోపే ఆమెకు నెలసరి ఆగింది. ఒళ్ళు వచ్చింది, ముఖం ఉబ్బింది, పగలంతా నిద్ర. అందరూ కడుపే అనుకున్నారు. మలబద్ధకం, జుట్టు రాలడం, ఎండాకాలంలోనూ దుప్పటి కప్పుకోవడం, అన్నిటికీ ‘కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలే’ అనే జవాబు. టెస్ట్‌లో తేలకపోతే ‘కొందరికి మూత్రంలో తెలియదులే’ అన్నారు. చీరలు కొన్నారు, ఇద్దరి భోజనం పెట్టారు. ఐదో నెల వచ్చినా బిడ్డ కదలిక లేదు. స్కాన్ తీస్తే గర్భసంచి ఖాళీ. ఆ రోజు ఆమె ముఖం నేను మర్చిపోలేను. అంతకంటే ఘోరం, అబద్ధం ఆడిందన్నట్టు చూశారు. చివరికి ఒక డాక్టరమ్మ మెడ తడిమి చూసి, థైరాయిడ్ ఎలా ఉందో చెప్పే టీఎస్‌హెచ్ రక్త పరీక్ష రాసింది. మామూలుగా నాలుగైదు లోపు ఉండాల్సింది అరవై దాటింది. థైరాయిడ్ బాగా తగ్గిపోతే మెదడు దాన్ని పనిచేయించాలని గట్టిగా సంకేతం పంపుతుంది. ఆ సంకేతమే పాలు పడే హార్మోన్‌ని, అంటే ప్రొలాక్టిన్‌ని కూడా పెంచి, అండం విడుదల కాకుండా చేస్తుంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని, అరగంట దాకా కాఫీ ముట్టకుండా ఉంటే, కొన్ని నెలలకు నెలసరి తిరిగొచ్చింది. తర్వాత కూతురూ పుట్టింది. ఒక్క రక్త పరీక్ష ముందే చేయించి ఉంటే ఆ పిల్లకి అన్ని మాటలు పడే గతి ఉండేది కాదు.

నీ విషయంలో నా అనుమానం మాత్రం వేరు. మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గావట. రాత్రి అన్నం మానేశావు, రెండు పూటలా పరుగు, పైగా ఎగ్జామ్ టెన్షన్. ఒంట్లోకి వచ్చేది తక్కువై, ఖర్చు ఎక్కువైతే మెదడు ముందు అండాశయాలకు పంపే సంకేతాల్ని తగ్గిస్తుంది. చేతిలో డబ్బు తక్కువైన నెలలో ఇంట్లో ముందు ఏ ఖర్చు ఆపగలమో అదే ఆపినట్టు. ఏమ్మా, ఎవరు చెప్పారు నీకు తిండి మానేస్తే పరుగు వేగంగా వస్తుందని? ఇలాగే నెలల తరబడి సాగితే ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు పలచబడతాయి. పరుగెత్తేవాళ్ళకి కాలి ఎముకలో పగుళ్ళు రావడం అలాగే. రాత్రి అన్నం, పప్పు, గుడ్డు తిను. వారానికి ఒకటి రెండు రోజులు గ్రౌండ్‌కి వెళ్ళకు. తిండి సరిపడా పెంచినా నెలసరి తిరిగి రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు, కంగారుపడకు.

బరువు పెరిగి, మొటిమలు, గడ్డం దగ్గర వెంట్రుకలు ఉంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్యని అనుమానించాలి. నీకు అవేవీ లేవు కదా.

ఇదంతా నా అనుమానమే, పరీక్షలు చేయిస్తేనే తేలేది. మూడో నెల దాకా ఆగకుండా డాక్టర్‌ని కలువు. టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, హిమోగ్లోబిన్ చూడమను. అండాశయాల పనితీరు తెలిపే ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్ష, స్కాన్ అవసరమో లేదో ఆవిడే చెబుతారు. బరువు ఎంత తగ్గావో, ఎంత పరుగెత్తుతున్నావో దాచకుండా చెప్పు. మెడికల్ షాపులో నెలసరి తెప్పించే మాత్ర అడిగి మాత్రం వేసుకోకు. మాత్రతో రక్తం కనబడినా అసలు కారణం అలాగే ఉండిపోతుంది. గర్భం ఉంటే ఆ మాత్ర ఏం చేస్తుందో షాపు కుర్రాడికేం తెలుసు?

ఇంకొకటి. నెలసరి రావట్లేదు కదా అని జాగ్రత్తలు మానేయకండి. నెలసరి కంటే ముందే అండం విడుదలవుతుంది కాబట్టి, తెలియకుండానే గర్భం రావచ్చు. ఎప్పుడైనా పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి వచ్చి కళ్ళు తిరిగితే, టెస్ట్ ఏం చెప్పిందనేది చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళు.

మీ అత్తగారిని కసురుకోకమ్మా, ఆవిడ ఆశ ఆవిడది. ఆదివారం నేనే ఫోన్ చేసి మాట్లాడతాను. నర్సుగా పనిచేసినదాన్ని కాబట్టి నా మాట కొంచెం వింటారు. డాక్టర్ దగ్గరికి తోడు కావాలంటే చెప్పు, బస్సెక్కి వచ్చేస్తాను.

నీ పెద్దమ్మ