స్మదర్డ్ మేట్‌కు దారితీసే క్వీన్ త్యాగాన్ని ముందే పట్టుకోవడం ఎలా?

విజయవాడలో మా అమ్మాయి చెస్ నేర్చుకుంటోంది. క్వీన్‌ను ఇచ్చేసి, సొంత పావుల మధ్యే ఇరుక్కున్న రాజుకు గుర్రంతో మేట్ చేసే ఎత్తు వస్తోందని బోర్డు చూసి ఎలా తెలుస్తుంది? గుర్రం ఏ గడుల్లో ఉండాలి?

నల్లరాజు h8లో, అతని బంట్లు g7, h7లలో ఉండి, తెల్లగుర్రం h6కు చేరగలిగి, తెల్లక్వీన్ g8 మీదికి సాగే ఐమూల దారిలో ఉంటే, ఈ త్యాగం కోసం వెతకాలి.

g8లోకి వచ్చిన క్వీన్‌ను h6 గుర్రం కాపాడుతుంది కనుక రాజు దాన్ని తీయలేడు. ఏనుగే తీయాలి, తీసిన ఏనుగు రాజుకు మిగిలిన ఒక్క గడినీ మూసేస్తుంది. అప్పుడు గుర్రం f7లో దూకి చెక్ ఇస్తే, గుర్రం చెక్‌ను మధ్యలో అడ్డుకోవడం కుదరదు కనుక అది మేట్.

ఉదాహరణకు నల్లరాజు h8లో, అతని బంట్లు g7, h7లలో, ఏనుగు d8లో, తెల్లక్వీన్ c4లో, గుర్రం g5లో ఉన్నాయనుకుందాం. E8, f8 ఖాళీ. కింద N అంటే గుర్రం, K రాజు, Q క్వీన్, R ఏనుగు; x అంటే తీయడం, + చెక్, ++ జంట చెక్, # మేట్.

```
1. Nf7+  Kg8
2. Nh6++ Kh8
3. Qg8+  Rxg8
4. Nf7#
```

రెండో ఎత్తే దీనికి ప్రాణం. గుర్రం, దాని వెనుక తెరుచుకున్న క్వీన్ ఒకేసారి చెక్ ఇస్తాయి. G7 బంటు గుర్రాన్ని తీసినా క్వీన్ చెక్ ఆగదు కనుక రాజు కదలక తప్పదు. f8కు పారిపోతే Qf7తోనే ఆట ముగుస్తుంది.

రాజు మూలలో ఇరుక్కుంటే చాలు, క్వీన్‌ను ఇచ్చేయవచ్చని చాలామంది పొరబడతారు. g8లో త్యాగం తర్వాత f7ను తీయగల నల్లపావు ఇంకొకటి, ఉదాహరణకు e7లో క్వీన్, ఉంటే మేట్ జరగదు, త్యాగం వృథా అవుతుంది.