బరువు తగ్గిన సంగతి గొప్పలు చెప్పుకున్నట్టు లేకుండా రాయడం ఎలా?

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. ఆగస్టు నుంచి మార్చి దాకా 86 కిలోల నుంచి 75కి వచ్చాను. మొదటి నెలలోనే మూడు కిలోలు తగ్గాయి. నవంబరు, డిసెంబరుల్లో ఆరు వారాలు 79 దగ్గరే ఆగిపోయాను. పొద్దున్నే 45 నిమిషాలు నడక, రెండు పూటలా అన్నం సగం, సాయంత్రం బజ్జీలు బంద్. సంక్రాంతికి ఊరెళ్ళి పది రోజులు అన్నీ వదిలేశాను. నడుం 101 సెంటీమీటర్ల నుంచి 92కి వచ్చింది. ఫేస్‌బుక్‌లో పెడదామని ఇలా రాశాను: "8 నెలల్లో 11 కిలోలు! జిమ్ లేదు, డైటీషియన్ లేదు, కేవలం పట్టుదల. ఒక్కరోజు కూడా మానలేదు. టైం లేదనేవాళ్ళకి ఈ ఫొటోయే నా సమాధానం. మనసుంటే మార్గం ఉంటుంది. నేను చేశాను, ఎవరైనా చెయ్యొచ్చు!" మా ఆవిడ చదివి "గొప్పలు పోతున్నట్టుంది" అంది. నలుగురికీ పనికొచ్చేలా ఎలా మార్చాలి?

జవాబు:

మీ ఆవిడ అన్నది నిజమేనండి. కానీ తప్పు 11 కిలోల దగ్గర లేదు. ఆ అంకె దాచుకోనక్కర్లేదు, తగ్గించి చెప్పనక్కర్లేదు. మీరు మాకు ప్రశ్నలో చెప్పిన వివరాలన్నీ పోస్టులో మాయమైపోయాయి. వాటి స్థానంలో "పట్టుదల" అన్న ఒక్క మాట మిగిలింది. అన్నం సగం చెయ్యడం చదివినవాళ్ళు రేపు ప్రయత్నించగలరు. మీ పట్టుదలను ఏం చేసుకుంటారు? చూసి మెచ్చుకోవాలి, లేదా తమకి లేదని చిన్నబోవాలి.

ముందుగా ఒక చిన్న లెక్క వేద్దాం. పోస్టు స్వరం మారేది ఇక్కడే. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు లోటు పడాలి. 11 కిలోలంటే దగ్గర దగ్గర 85,000. దాన్ని 240 రోజులకి పంచితే రోజుకి 350. ఇప్పుడు మీ కంచం చూడండి. పూటకి 300 గ్రాముల అన్నం తినేవారనుకుందాం, అది 150 అయింది. రెండు పూటలా కలిపి రోజుకి 300 గ్రాములు తగ్గింది. వంద గ్రాముల వండిన అన్నంలో 130 కేలరీలుంటాయి కాబట్టి, అక్కడే 390 పోయాయి. 45 నిమిషాల నడకకి మీ బరువున్న మనిషికి మరో 150 నుంచి 200. అన్నం తగ్గినచోట పప్పో కూరో కాస్త ఎక్కువ పడి ఉంటుంది, పది రోజుల పండగ ఉంది. అన్నీ కలిపి చూస్తే లెక్క సరిపోతుంది. అంటే ఎనిమిది నెలల ఫలితంలో పెద్ద వాటా అన్నం గిన్నెది, దాని తర్వాత నడకది. అదే మాట పోస్టులో రాయండి. గొప్ప మీ మీద నుంచి దిగి గిన్నె మీదకి వెళ్తుంది, చదివేవాళ్ళ చూపు కూడా అక్కడికే వెళ్తుంది.

అయితే "అన్నం తగ్గించాను" అంటే చాలదు. ఒకరి సగం ఇంకొకరికి నిండు భోజనం. వంటింటి త్రాసు ఉంటే ఒక్క పూట తూచండి. లేకపోతే మీరు పెట్టుకునే గిన్నెనో, అన్నం వడ్డించే హస్తం లెక్కనో చెప్పండి: మునుపు నాలుగు హస్తాలు, ఇప్పుడు రెండు. ఏం తగ్గిందో చెప్పినప్పుడు దాని బదులు ఏం వచ్చిందో కూడా చెప్పాలి. ఉత్తినే అన్నం సగం చేసి ఊరుకున్నవాళ్ళకి సాయంత్రం అయిదింటికి ఆకలి పీక్కుతింటుంది, అక్కడ మళ్ళీ బజ్జీల బండి ఎదురవుతుంది. మీరు కంచంలో పప్పు పెంచారో, మజ్జిగ తాగారో, గుగ్గిళ్ళు తిన్నారో నాకు తెలియదు కానీ, అది ఒక్క వాక్యంలో పడాలి.

రెండో సంగతి, 8 నెలలు 11 కిలోలు అనగానే చదివేవాళ్ళు నెలకి కిలోన్నర చొప్పున నేరుగా దిగిందనుకుంటారు. మీకలా జరగలేదు కదా. మొదటి నెలలో పోయిన మూడు కిలోల్లో కొంత నీరు కూడా ఉంటుంది. అన్నం తగ్గినప్పుడు ఒంట్లో గ్లైకోజెన్ రూపంలో నిలవున్న పిండిపదార్థం తగ్గుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అది పోతే ఆ నీరూ పోతుంది. ఈ సంగతి చెప్పకపోతే మీ పోస్టు చూసి మొదలుపెట్టినవాళ్ళు మొదటి నెల సంబరపడి, రెండో నెలలో కాటా కదలకపోయేసరికి తమలోనే ఏదో లోపం ఉందనుకుని మానేస్తారు. మీరు 79 దగ్గర ఆగిన ఆరు వారాలు పోస్టులో అన్నిటికన్నా విలువైన భాగం. దాన్ని మీరు పూర్తిగా వదిలేశారు. బరువు తగ్గినకొద్దీ ఒంటికి రోజూ కావలసిన కేలరీలు కూడా తగ్గుతాయి, అందుకే మొదట్లో పనిచేసిన లోటు తర్వాత చిన్నదైపోతుంది. ఆ ఆరు వారాల్లో మీరేం చేశారు? నడక పెంచారా, బరువు చూసుకోవడం మానేశారా, ఏమీ మార్చకుండా అలాగే సాగారా? ఏది నిజమైతే అది రాయండి.

ఇక వాక్యాల దగ్గరకి వద్దాం. మన భాషలో గొప్ప ఎక్కువగా చిన్న చిన్న మాటల్లో, ప్రత్యయాల్లో కూర్చుంటుంది. "ఒక్కరోజు కూడా", "కేవలం", "ఫొటోయే" లాంటివి వెతికి తీసేయండి. సగం పని అక్కడే అయిపోతుంది. "నేను" తీసేస్తే చాలనుకుంటారు చాలామంది. చాలదు, "చేశాను"లో "నేను" ఉండనే ఉంది. అలాగని ప్రతి వాక్యాన్నీ "జరిగింది", "తగ్గింది" అని తిప్పకండి, లేని వినయం తెచ్చిపెట్టుకున్నట్టు ఉంటుంది. చేసిన పనికి "చేశాను" అనండి, ఒంట్లో దానంతటది జరిగినదానికి "తగ్గింది" అనండి. "ఒక్కరోజు కూడా మానలేదు" అన్నది ఎలాగూ నిజం కాదు, పది రోజులు మానారు. ఊళ్ళో మిమ్మల్ని అరిసెలు తింటూ చూసినవాళ్ళెవరో కామెంట్లలో ఆ మాట అంటారు, దాంతో మిగతా పోస్టు మీద కూడా నమ్మకం పోతుంది.

"టైం లేదనేవాళ్ళకి సమాధానం" అన్నది మొత్తానికి తీసేయాలి. అది మిమ్మల్ని ఎప్పుడూ ఏమీ అనని మనిషితో పెట్టుకున్న పోట్లాట. దాని బదులు మీకు టైం ఎక్కడ దొరికిందో చెప్పండి. పొద్దున మీరు నడుస్తున్నప్పుడు పిల్లల్ని బడికి తయారు చేసిందెవరు? అన్నం తగ్గినచోట కూరలు పెరిగితే అవి తరిగిందెవరు? "డైటీషియన్ లేదు" అన్న పోస్టు చదివిన ఇల్లాలికి గొప్పలు పోతున్నట్టు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. చివర్లో "థాంక్స్ టు మై వైఫ్" అని హృదయం బొమ్మ పెడితే సరిపోదు. ఆవిడ చేసిన పని పేరు పెట్టి చెప్పండి. అది మర్యాద కోసమే కాదు. ఆ సాయం లేనివాళ్ళు తమ ఇంట్లో ముందు ఏం సర్దుకోవాలో అక్కడ తెలుస్తుంది.

"ఎవరైనా చెయ్యొచ్చు" అన్నది ఉదారంగా వినిపిస్తుంది కానీ, అన్నిటికన్నా ప్రమాదం ఆ మాటలోనే ఉంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా అన్నం హఠాత్తుగా సగం చేస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. మీ స్నేహితుల్లో అలాంటివాళ్ళు తప్పకుండా ఉంటారు. ఈ ఒక్క వాక్యం పోస్టులో ఉండి తీరాలి.

ఫొటోల విషయం. మునుపటిది పొట్ట వదిలేసి మసక వెలుతురులో, ఇప్పటిది ఊపిరి బిగబట్టి కిటికీ దగ్గర తీసినదైతే చూసేవాళ్ళు ఇట్టే పసిగడతారు. అదే చోట, అదే వేళ, అదే దూరం నుంచి తీసినవి లేకపోతే ఫొటోలు వద్దు. బెల్టుకి పాత కంతా, కొత్త కంతా కనిపించేలా ఒక ఫొటో చాలు. నడుం కొలత రాస్తే ఎక్కడ కొలిచారో చెప్పండి. సరైన చోటు కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య, మామూలుగా ఊపిరి వదిలాక. భారతీయ మగవాళ్ళకి 90 సెంటీమీటర్ల లోపు ఉండాలంటారు. మీరింకా 92 దగ్గరున్నారు. ఆ సంగతి రాస్తే వేరే వినయం అక్కర్లేదు.

ఇవన్నీ కలిపితే దాదాపు ఇలా వస్తుంది. నేను ఊహించినచోట మీ నిజం పెట్టుకోండి:

> అన్నం రెండు పూటలా నాలుగు హస్తాల నుంచి రెండుకి తగ్గించాను, ఆ చోట పప్పు, కూర పెరిగాయి. పొద్దున 45 నిమిషాలు నడుస్తున్నాను. ఆగస్టులో 86 కిలోలు, మార్చిలో 75.
>
> మొదటి నెలలో మూడు కిలోలు పోయాయి, అందులో కొంత నీరేనట. తర్వాత నెమ్మదించింది. నవంబరు, డిసెంబరుల్లో ఆరు వారాలు 79 దగ్గర కాటా కదల్లేదు. అప్పుడు నడక మానలేదు, బరువు మాత్రం రోజూ కాకుండా వారానికోసారి చూసుకున్నాను. సంక్రాంతికి పది రోజులు అన్నీ తిన్నాను. తిరిగొచ్చాక మళ్ళీ రెండు హస్తాలే.
>
> నేను నడిచే వేళకి పిల్లల్ని బడికి తయారు చేసింది, రోజూ ఒక కూర అదనంగా చేసింది మా ఆవిడ. అది లేకపోతే నాకు పొద్దున ఆ ముప్పావుగంట దొరికేది కాదు.
>
> నడుం 101 నుంచి 92 సెంటీమీటర్లకి వచ్చింది, 90 లోపుకి ఇంకా రావాలి. షుగర్ మందులు వాడేవాళ్ళు అన్నం తగ్గించే ముందు డాక్టర్ని అడగండి. సాయంత్రం ఆకలికి మీరేం తింటారో చెప్పండి, నాకు ఇప్పటికీ కష్టం అదే.

ఫోన్లో పోస్టు మొదటి రెండు మూడు వరుసలే కనిపిస్తాయి కాబట్టి, చేసిన పని ముందు పెట్టి కిలోలు తర్వాత పెట్టాను. చివర ప్రశ్న ఉత్త అలంకారానికి కాదు, మీకు నిజంగా జవాబు కావలసిందే అడగండి. కామెంట్లలో "శుభాకాంక్షలు"తో పాటు శనగలు, వేరుశనగలు, మరమరాల సంగతులు వస్తాయి.

రెండోవైపు కూడా జారొద్దు. "ఏదో దేవుడి దయ, నేనేం చేశాను" అని రాస్తే గొప్ప పోతుంది, పనికొచ్చేదీ పోతుంది.

పెట్టేముందు మీ ఆవిడకే మళ్ళీ చూపించండి. "బాగుందా" అని కాదు, "ఇది చదివినవాళ్ళు రేపు పొద్దున ఏం చెయ్యొచ్చు?" అని అడగండి. హస్తాల లెక్క ఆవిడ నోట వస్తే పోస్టు పెట్టేయండి. మీ పేరే వస్తే ఇంకోసారి దిద్దండి.