పది లక్షలకి నలభై లక్షల షేర్లు కొనొచ్చా?

అన్నా నమస్తే. మాది ఆదోని, యార్డులో పత్తి, శనక్కాయల కమీషన్ వ్యాపారం. సొంత డబ్బు 10 లక్షలు ఉండాది. షేర్ల యాప్‌లో ఎంటీఎఫ్ కింద ఇంకో 30 లక్షలు వాళ్లే ఇస్తారంట, ఏడాదికి 15 శాతం వడ్డీ. మా ఫ్రెండ్ ఒకడు ఇట్లే చేసి ఆరు నెలల్లో డబ్బు డబుల్ చేసినాడు. మేం పత్తి స్టాక్ పెట్టేటప్పుడు కూడా అప్పు తెచ్చేదే కదా, మరి దీనికీ దానికీ తేడా ఏముంది?

తమ్ముడూ, ముందు మీ ఫ్రెండ్ సంగతి తేల్చేద్దాం. 10 సొంతం, 30 అప్పు, మొత్తం 40 లక్షల షేర్లు అనుకో, ఆరు నెలలకి వడ్డీ రెండుంపావు లక్షలు. అప్పూ వడ్డీ కట్టేసి చేతిలో 20 మిగలాలంటే షేర్లు 52 లక్షల చిల్లరకి పోవాలి, అంటే 30 శాతం పెరిగితే సరిపోయింది. సొంత డబ్బుతోనే కొన్నోడికి అవే షేర్ల మీద 10 లక్షలకి 3 లక్షలు వచ్చింటాయి. మీవాడు షేర్లు ఎంచడంలో మొనగాడేం కాదు, మంచి టైంలో అప్పు ఎక్కువ తెచ్చినాడు, అంతే.

ఇప్పుడు అదే లెక్క తిరగేసి చూడు. ఆరు నెలలు షేర్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయనుకో, పెరగలేదు తగ్గలేదు, అయినా నీ 10 లక్షలు వడ్డీ పోను ఏడు ముక్కాలు అయితాయి. 10 శాతం పెరిగితే అప్పు 30, వడ్డీ తీసేసి 11.75 మిగులుతుంది. అదే 10 శాతం తగ్గితే 3.75 మిగులుతుంది. చూసినావా, పైకి పోయినప్పుడు ఒకటి ముక్కాలు లక్ష వచ్చింది, కిందికి పోయినప్పుడు ఆరుంపావు లక్షలు పోయింది, ఎందుకంటే వడ్డీ రెండు వైపులా నీ జేబులోంచే పోతుంది. ఈ అప్పు మీద ఏడాదికి పదకొండుంపావు శాతం పెరిగితే గానీ నువ్వు మొదలుపెట్టిన చోటికి కూడా రావు.

ఇంతవరకు అందరూ చెప్పేదే. అసలు విషయం నువ్వడిగిన తేడాలోనే ఉంది, పత్తికీ దీనికీ తేడా.

పత్తి స్టాక్ పెట్టినప్పుడు నీకు రూపాయిన్నర వడ్డీకి ఇచ్చినాయన రోజూ సాయంత్రం వచ్చి ఈరోజు క్వింటా ఎంత, నీ గోడౌన్ విలువ ఎంత అని లెక్క కట్టడు. నెలవారీ వడ్డీ టైంకి పోతే ఆయన గమ్మున ఉంటాడు. షేర్లకి అప్పిచ్చిన బ్రోకర్ మాత్రం రోజూ కడతాడు. షేర్లు నీ పేరు మీదే ఉన్నా అవి వాడి దగ్గర తాకట్టులో ఉంటాయి, అప్పు తీసేశాక అందులో నీ సొంతం వాడు పెట్టిన శాతం కంటే తగ్గకూడదు. ఈ శాతం బ్రోకర్‌ని బట్టి, షేర్‌ని బట్టి మారుతుంది, మన లెక్కకి 20 అనుకుందాం. అప్పు 30 లక్షలు ఉంది కాబట్టి దాన్ని 0.8 తో భాగిస్తే 37.5 వస్తుంది. అంటే నీ 40 లక్షల షేర్లు 37.5 కి వచ్చిన రోజే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది డబ్బు కట్టు లేకపోతే అమ్మేస్తాం అని. అది ఆరుంపావు శాతం పతనం, అంతే. మన దగ్గర పత్తి రేటు ఒక్కోసారి ఒక్క వారంలోనే అంతకంటే ఎక్కువ ఆడతాది కదప్పా.

ఆ రోజు నీ దగ్గర కట్టడానికి డబ్బు లేదనుకో. సొంతం వాటా మళ్లీ 25 శాతానికి తేవాలని ఏడున్నర లక్షల షేర్లు అమ్మేస్తారు. మిగిలింది 30 లక్షల షేర్లు, 22.5 అప్పు. తర్వాత రేటు మళ్లీ మొదటి రేటుకే వచ్చేసిందనుకో, నీ 30 కాస్తా 32 అయితుంది, అప్పు పోను 9.5. రేటు పడింది, లేచింది, ఎక్కడిదక్కడికే వచ్చింది, నీది మాత్రం అర లక్ష పోయింది, వడ్డీ వేరే. ఇట్లా రెండోసారి కూడా అమ్మిస్తే తిరిగి పాత రేటుకి వచ్చినా చేతికి వచ్చేది 8.7 దగ్గర. సొంత డబ్బుతో కొన్నోడికి ఇదంతా అసలు తెలియను కూడా తెలియదు, యాప్ తెరవకపోతే సరి.

2024 జూన్ 4 గుర్తుందా, కౌంటింగ్ రోజు. మనమంతా ఏ సీటు ఎవరికి వచ్చిందని టీవీల ముందు కూర్చున్న రోజే నిఫ్టీ మధ్యలో 8 శాతం పైన పడి, చివరికి 5.9 శాతం నష్టంతో ముగిసింది, కొన్ని ప్రభుత్వ రంగ షేర్లు 15 శాతం పైన పడినాయి. శుక్రవారానికల్లా, అంటే 7వ తేదీకి, నిఫ్టీ పడక ముందున్న చోటికి వచ్చేసింది. మూడే రోజులు. నీ లెక్కలో 40 లక్షలు నిఫ్టీ లాగే పడినా మధ్యలో 36.6 కి వచ్చింటాయి, గీత దాటేసినట్టే. మార్కెట్ అట్లా ఎగిరెగిరి పడే రోజుల్లోనే షేర్లకి అడిగే మార్జిన్, అంటే నీ సొంతంగా ఉండాల్సిన వాటా, కూడా పెంచుతారు, కాబట్టి రేటు పెద్దగా పడకపోయినా నీకు ఫోన్ రావచ్చు. ఈ ముక్క యాప్‌లో ఎవరూ పెద్దక్షరాల్లో రాయరు. ఒక్కోసారి పొద్దున మార్కెట్ తెరిచేటప్పుడే బాగా కిందకి తెరిస్తే అమ్మినా అప్పు తీరదు, మిగతాది నువ్వే కట్టాలి.

అట్లని పత్తి అప్పు మంచిదని కాదు. 2022 వేసవిలో యార్డులో క్వింటా పదివేలు దాటింది, నువ్వూ చూసింటావు. ఆ రేటుకి 10 సొంతం, 10 అప్పు పెట్టి 200 క్వింటాళ్లు నిల్వ పెట్టినోడి లెక్క చూడు. ఎనిమిది వేలకి అమ్మాల్సొస్తే 16 లక్షలు, అప్పు పోను 6, ఆరు నెలల రూపాయిన్నర వడ్డీ 90 వేలు పోను 5 లక్షల చిల్లర. రేటు తగ్గింది అయిదో వంతు, సొంత డబ్బు పోయింది దాదాపు సగం. కానీ అతనికి అమ్మాలా, ఆగాలా అని ఆలోచించుకునే నెలలున్నాయి, పత్తిని ఎండ, తేమ, దుమ్ము చూసుకోవాల్సొచ్చినా సరే. ఎంటీఎఫ్‌లో అదే అయిదో వంతు పడితే 40 కాస్తా 32, అప్పు 30, అంతదూరం రాకముందే నిన్ను బయటికి పంపేసింటారు.

ఇంకొకటి, నీ కమీషన్ వ్యాపారమే సగం అప్పు మీద నడిచేది. రైతుకి నువ్వు వెంటనే ఇస్తావు, మిల్లు నీకు ఎప్పుడో ఇస్తుంది. మిల్లు డబ్బు ఆగిన వారంలోనే బ్రోకర్ మెసేజ్ వస్తే రెండు చోట్లా ఒకే జేబులోంచి కట్టాలి, ఆ జేబులో ఏమీ ఉండదు.

కాబట్టి నా మాట ఏమంటే 30 లక్షలు వద్దు. ఎంటీఎఫ్ చేసే తీరాలి అనిపిస్తే 10 సొంతానికి రెండున్నర లక్షలే తీసుకో. అదే లెక్క వేస్తే 12.5 లక్షల షేర్లు 3 లక్షల చిల్లరకి పడితే గానీ ఫోన్ రాదు, వడ్డీ నెలకి 3 వేల చిల్లర. లాభం తక్కువ కనిపిస్తది, కానీ నిద్రపడుతుంది. అది కూడా శనక్కాయల సీజన్ అయిపోయి మిల్లుల బాకీలు వచ్చినాక మొదలుపెట్టు, ఇప్పుడు కాదు. ముందు యాప్‌లో నువ్వు కొనదలిచిన ఒక్కో షేర్ పేరు కొట్టి దానికి ఎంత శాతం మార్జిన్ అడుగుతున్నారో, ఎంతకి తగ్గితే అమ్ముతారో రాసుకుని పంపు, దాన్ని బట్టి నీ లెక్క నేను మళ్లీ వేసిస్తా.