అరబ్బీలో ఉన్న వాట్సాప్‌లో మెసేజ్‌లు మాయమవడం, బ్యాకప్, ట్రాన్స్‌లేషన్ ఎక్కడుంటాయి?

ప్రశ్న: కువైట్‌లో ఇంట్లో పని చేస్తున్నా. మేడం తన పాత సామ్సంగ్ ఫోన్ ఇచ్చింది, వాట్సాప్ అంతా అరబ్బీలోనే ఉంది. ఊళ్ళో పిల్లలు పెట్టే మెసేజ్‌లు వారం తిరక్కుండానే మాయమైపోతున్నాయి. బ్యాకప్ ఎక్కడుందో తెలీదు. మేడం అరబ్బీలో పెట్టే మెసేజ్‌లు తెలుగులో చదువుకోవచ్చా? ఇంగ్లీష్ కూడబలుక్కుని చదువుతా.

జవాబు: అక్కా, ముందు భాష మార్చేయండి, మిగతావన్నీ తర్వాత సులువు. నేను కూడా కువైట్‌లో చేశా, మా రూమ్‌లో ఇట్లాంటి ఫోన్లు చాలానే వచ్చేవి, అందరూ చిక్కుకునేది ఒకే చోట. అరబ్బీ కుడి నుంచి ఎడమకి కదా, అందుకని స్క్రీన్ మొత్తం తిరగబడి ఉంటుంది. మనం మూడు చుక్కల కోసం పైన కుడివైపు వెతుకుతాం, అవి పైన ఎడమవైపు ఉంటాయి, వెనక్కి వెళ్ళే బాణం కుడివైపుకి పోతుంది. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

వాట్సాప్ తెరిచి ఎడమవైపు ఆ మూడు చుక్కలు నొక్కండి, వచ్చే లిస్ట్‌లో అన్నిటికన్నా కింద ఉండేది الإعدادات, అంటే సెట్టింగ్స్. లోపల అక్షరాలు చూడొద్దు, బొమ్మలు చూడండి. తాళం బొమ్మ ఉన్నది ప్రైవసీ, మాటల బుడగ ఉన్నది చాట్స్, గంట ఉన్నది నోటిఫికేషన్స్, భూగోళం బొమ్మ ఉన్నది భాష, దాని పక్కన لغة التطبيق అని ఉంటుంది. వెర్షన్ మారితే వరసలు పైకీ కిందకీ అవుతాయి కాబట్టి ఎన్నోదో లెక్కపెట్టడం కంటే బొమ్మని నమ్మడమే మేలు. భూగోళం నొక్కితే భాషల లిస్ట్ వస్తుంది, ఏ భాష పేరు ఆ భాషలోనే రాసి ఉంటుంది కాబట్టి తెలుగు అనో English అనో కళ్ళకి కనబడుతుంది, నొక్కేయండి.

కొన్ని ఫోన్లలో ఆ భూగోళం ఉండదు. పాత వెర్షన్ అయితే మాటల బుడగ లోపల ఉండొచ్చు, అక్కడా లేకపోతే ఫోన్ భాషే మార్చాలి. సామ్సంగ్‌లో అయితే ఫోన్ సెట్టింగ్స్ తెరిచి, మూడు అడ్డగీతల మీద చుక్కలున్న బొమ్మ కోసం కిందకి వెళ్ళండి, దాంట్లో పైనే భాష ఉంటుంది. ఫోన్ ఇప్పుడు మీదే కదా, మార్చుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. పేర్లు మాత్రం నేను కింద ఇంగ్లీష్‌లో ఇస్తా, మీ పిల్లలు ఫోన్‌లో చెప్పేటప్పుడు వాళ్ళకీ మీకూ ఒకటే పేరు ఉంటుంది.

ఇక మాయమయ్యే మెసేజ్‌ల సంగతి. పిల్లల చాట్ తెరిచి పైన పేరు నొక్కండి, కిందకి పోతే Disappearing messages అని ఉంటుంది. లోపల నాలుగే ఉంటాయి: 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు, చివరిది ఆఫ్. భాష మార్చకుండానే చూసేట్టయితే అంకెలతో పట్టుకోవచ్చు, అరబ్బీ అంకెల్లో ٢٤ అంటే 24, ٧ అంటే 7, ٩٠ అంటే 90, అంకె లేని చివరిది ఆఫ్. మీకు వారం లోపలే పోతున్నాయంటే అది 24 గంటల మీద ఉండొచ్చు. అయితే ఆఫ్ చేసేది ఇక మీదట వచ్చే మెసేజ్‌లకే, ఇప్పటికే టైమర్ మీద ఉన్నవి టైమ్ అయితే పోతాయి, పోయినవి తిరిగి రావు. డౌన్‌లోడ్ అయిన ఫోటోలు మాత్రం గ్యాలరీలో ఉండొచ్చు, ఒకసారి చూడండి.

ఇది మీరే పెట్టి ఉండాలని లేదు, ఇద్దరి చాట్‌లో ఎవరైనా పెట్టొచ్చు. ఎవరు పెట్టారో చాట్ మధ్యలో చిన్న లైన్‌గా పడి ఉంటుంది, పైకి జరిపి చూడండి. మీ ఫోన్‌లో కొత్తగా మొదలుపెట్టే ప్రతి చాట్‌లోనూ ఇదే వస్తుంటే కారణం వేరే, సెట్టింగ్స్‌లో తాళం బొమ్మ లోపల Default message timer అని ఉంటుంది, దాన్ని కూడా ఆఫ్ చేయాలి. దాన్ని ఒక్కదాన్నే ఆఫ్ చేస్తే పాత చాట్‌లు మారవు, కాబట్టి రెండు చోట్లా చూసుకోవాల్సిందే.

ట్రాన్స్‌లేషన్ గురించి చెప్పాలంటే, వాట్సాప్ భాష తెలుగు చేసినంత మాత్రాన మేడం మెసేజ్ తెలుగులోకి రాదు, బటన్లు మాత్రమే తెలుగవుతాయి. మెసేజ్ మార్చే పని వేరే, మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి Translate ఎంచుకోవాలి, అది కనబడకపోతే పైన మూడు చుక్కల్లో చూడండి. కానీ 2025 సెప్టెంబర్‌లో ఇది మొదలైనప్పుడు ఆండ్రాయిడ్‌లో ఆరు భాషలే ఇచ్చారు: ఇంగ్లీష్, హిందీ, అరబిక్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్. తెలుగు లేదు. కాబట్టి మీ లిస్ట్‌లో తెలుగు కనబడకపోతే అరబిక్ నుంచి ఇంగ్లీష్‌కో హిందీకో పెట్టుకోండి, మొదటిసారి భాష ఫైల్ డౌన్‌లోడ్ అవుతుంది, వైఫైలో ఉన్నప్పుడు చేయండి. తెలుగే కావాలంటే మెసేజ్ కాపీ చేసి గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో పేస్ట్ చేయడమే. ఒకటి మాత్రం చూసుకోండి, కువైట్ వాళ్ళు మాట్లాడే యాసలోనే టైప్ చేస్తారు, పుస్తకాల అరబ్బీ కాదు, అందుకని ట్రాన్స్‌లేషన్ తికమకగా వస్తుంది. జీతం, సెలవు, టికెట్ లాంటి విషయమైతే నోటితో ఇంకోసారి అడిగి ఖాయం చేసుకోండి.

బ్యాకప్ చివరికి పెట్టా ఎందుకంటే మీ విషయంలో అసలు చూడాల్సింది ఇదే. సెట్టింగ్స్‌లో మాటల బుడగ, దాని లోపల కిందకి మేఘం బొమ్మతో Chat backup. తెరవగానే గూగుల్ అకౌంట్ అని ఒక జీమెయిల్ కనబడుతుంది, భాష ఏదైనా ఆ మెయిల్ ఇంగ్లీష్ అక్షరాల్లోనే ఉంటుంది. అది ఎవరిదో చదవండి. మేడం పాత ఫోన్ కదా, ఆవిడ అకౌంట్ తీయకుండా ఇచ్చి ఉంటే మీ పిల్లల మాటలన్నీ ఆవిడ గూగుల్ డ్రైవ్‌లోకి పోతుంటాయి. మీ నంబర్‌కి వచ్చే ఓటీపీ లేకుండా ఆవిడ వాటిని తెరవలేదు, కానీ తన డ్రైవ్ నిండిందని తీసేయొచ్చు, ఇంకో ఫోన్‌లో మీరు వెనక్కి తెచ్చుకోవాలన్నా అదే అకౌంట్ ఉండాలి. కాబట్టి ఆ మెయిల్ మీద నొక్కి, మీ సొంత జీమెయిల్ ఎంచుకోండి, లేకపోతే అక్కడే కొత్తది చేర్చుకోండి. తర్వాత పచ్చ బటన్ నొక్కి బ్యాకప్ పూర్తయ్యేదాకా ఆగండి. అయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, అదే పేజీలో గూగుల్ ఎదురుగా ఉన్న టైమ్ ఇప్పటి టైమ్‌కి మారాలి. లోకల్ అని ఇంకో టైమ్ ఉంటుంది, అది ఫోన్‌లోనే ఉండే కాపీ, ఫోన్ పోతే దాంతోపాటే పోతుంది. జీమెయిల్‌కి ఉచితంగా వచ్చేది 15 జీబీ, వాట్సాప్ కూడా అందులోంచే తీసుకుంటుంది, అందుకని వీడియోలు వద్దు అని పెట్టుకోండి, రోజూ బ్యాకప్ అయ్యేలా Daily పెట్టండి.

ఇంటికి వచ్చేసేటప్పుడు కువైట్ సిమ్ వదిలేస్తారు కదా, బ్యాకప్ మాత్రం ఆ నంబర్‌కే ముడిపడి ఉంటుంది. ఇండియా సిమ్ వేసుకున్నాక అదే ఫోన్‌లో వాట్సాప్ తీసేయకుండా, సెట్టింగ్స్‌లో తాళంచెవి బొమ్మ లోపల Change number తో కొత్త నంబర్ ఇవ్వండి, ఓటీపీ ఇండియా సిమ్‌కే వస్తుంది, చాట్‌లు అలాగే ఉంటాయి. ఆ తర్వాత ఇంకోసారి పచ్చ బటన్ నొక్కి కొత్త నంబర్ మీద బ్యాకప్ తీసుకోండి.