రెఫరల్ అడిగే మెసేజ్ ఇలా పంపకు చిన్నా

చిన్నా,

మీ పాత పేమెంట్స్ టీమ్ సర్‌ని రెఫరల్ అడగడానికి రాసి నాకు పంపిన డ్రాఫ్ట్ చూశాను. "హాయ్ సర్, ఎలా ఉన్నారు, మీ కంపెనీలో ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి" అంట. ఇది పంపకురా. ఇది చదివి ఆయనేం చెయ్యాలి, నీ కోసం కెరీర్స్ పేజీ తెరిచి వెతకాలా? మంచోడు కాబట్టి "ష్యూర్, చూస్తా" అంటాడు, అక్కడితో సరి.

ముందు నువ్వే వాళ్ళ కెరీర్స్ పేజీలో నీకు సరిపోయే జాబ్ ఒక్కటి చూసుకో, జాబ్ ఐడీ కాపీ చేసుకో, పంపే రోజున కూడా అది ఓపెన్‌గా ఉందో లేదో ఇంకోసారి చూడు. అప్లై మాత్రం కొట్టకు. చాలా కంపెనీల్లో నీ మెయిల్ ఐడీ ముందే సిస్టమ్‌లో ఉంటే తర్వాత వేసిన రెఫరల్ లెక్కలోకి రాదు. ఇప్పటికే కొట్టేసి ఉంటే ఆ మాట మొదట్లోనే చెప్పెయ్, ఫామ్ అంతా నింపాక ఎర్రర్ వస్తే ఆయనకి చికాకు.

ఇక మెసేజ్ రెండుగా విడగొట్టి పంపు, ఒకటి ఆయనకి, ఒకటి ఫార్వర్డ్‌కి. కలిపి రాశావనుకో, వాళ్ళ పాప స్కూల్ గురించి అడిగింది, పాత మేనేజర్ మీద వేసిన జోకు, అన్నీ హైరింగ్ మేనేజర్ దాకా పోతాయి, లేదంటే ఆయనే కూర్చుని అవి తీసెయ్యాలి, బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో క్యాబ్‌లో ఇరుక్కుని ఫోన్ చూసే మనిషికి అంత ఓపిక ఎక్కడిది.

మొదటిది: "సర్, మీ దగ్గర ఈ బ్యాకెండ్ జాబ్ చూశాను, ఇంకా అప్లై చెయ్యలేదు. రెఫర్ చెయ్యడానికి మీకు ఓకేనా? కుదరకపోయినా పర్లేదు. కింద మెసేజ్ యథాతథంగా పంపెయ్యొచ్చు."

రెండోది: "జాబ్ ఐడీ, లింక్. (నీ పేరు), బ్యాకెండ్, 5 ఏళ్ళ అనుభవం, జావా. మా పాత పేమెంట్స్ టీమ్‌లో 2 ఏళ్ళు కలిసి పనిచేశాం, రిఫండ్స్ సర్వీస్ తనే రాశాడు. ఉండేది బెంగళూరు, నోటీస్ 60 రోజులు. ఫోన్, మెయిల్. రెజ్యూమె జత చేశాను."

నీ గురించి "నేను" అని కాకుండా పేరుతో రాశాం చూడు, రెఫరల్ ఫామ్‌లో "ఈయన మీకెలా తెలుసు" అనే బాక్సు ఉంటే ఆయన అదే పేస్ట్ చేసేస్తాడు. అందుకే ఆయన కళ్ళతో చూసిన పనే రాయాలి, రిఫండ్స్ ఆయనే రివ్యూ చేశాడు కాబట్టి ఎవరు అడిగినా చెప్పగలడు, ఆయన వెళ్ళిపోయాక నువ్వు చేసింది ఎంత గొప్పదైనా రెజ్యూమెలోనే ఉండనీ. జీతం సంగతి ఇందులో వద్దు, ఎవరెవరి చేతికి పోతుందో తెలీదు. ఆయన కన్నడ ఆయన కదా, ఇదంతా ఇంగ్లీషులోనే రాసుకో, నీకు అర్థం కావాలని తెలుగులో చెప్పా.

రెజ్యూమె పీడీఎఫ్‌గా పెట్టు, ఫైల్‌కి నీ పేరు పెట్టు. డ్రైవ్ లింక్ పెడితే అవతలోడికి యాక్సెస్ రిక్వెస్ట్ అని రావచ్చు, వస్తే వాడు ఇంకో రెజ్యూమె తెరుస్తాడు.

వారం దాకా ఉలుకూ పలుకూ లేకపోతే ఒక్కసారి గుర్తు చెయ్, అంతే. ఆయన రెఫర్ చేశాక కంపెనీ నుంచి నీకు మెయిల్ రావచ్చు, స్పామ్ కూడా చూసుకో, వస్తే అందులోని లింక్ నుంచే అప్లై చెయ్.

బాబాయ్